హంస మెడలో ఆగిన దుమ్ము

పాలు కాచడం ప్రపంచానికి నేర్పింది ఒక ఫ్రాన్సు శాస్త్రవేత్త అంటారు. జనగామకు మాత్రం నేర్పింది నేను. డెయిరీలో పాశ్చరైజర్ యంత్రం నా మాట వినేది. మీటరు చూడకుండా గొట్టం మీద అరచెయ్యి పెట్టి, ఇప్పుడు డెబ్బై రెండు డిగ్రీలు ఉందని చెప్పేవాణ్ని.

ఈ మాట మా ఆవిడ వినేచోట చెప్పను. ఒకసారి చెబితే, "డెబ్బై రెండుల చెయ్యి వెడ్తే చెయ్యి మిగుల్తదా?" అని అడిగింది. మిగలదు. నేను మీటరే చూసేవాణ్ని. చూడకపోయినా ఏమీ కాదు, పాలు సరిగా కాగకపోతే యంత్రమే వాటిని వెనక్కి తిప్పుకుని మళ్లీ కాచుకునేది. నేను చేసిందల్లా పక్కన నిలబడటం, గొట్టాలు కడిగించడం, వచ్చినవాళ్లకు యంత్రం నాదన్నట్టు చూపించడం. ఉద్యోగమంతా అలాగే గడిచింది.

రిటైరయ్యాక మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, ఇల్లు కట్టుకున్నాం. ఊళ్లో పాలు చల్లబరిచే కేంద్రం ఒకటుంది. పల్లెల నుంచి, తండాల నుంచి క్యాన్లలో వచ్చిన పాలను అక్కడ పరీక్షించి, చల్లబరిచి, ట్యాంకరులో పెద్ద డెయిరీకి పంపుతారు. పాత అలవాటు కొద్దీ పొద్దున్నే వెళ్లి అక్కడ కూర్చునేవాణ్ని. మేనేజరు నా కొడుకు వయసువాడు. భూములున్న కుటుంబం, చదువుకున్నవాడు, పనిలో గట్టివాడు. నాకు చాయ్ పోయించేవాడు, నా మాటల్లో సగం వినేవాడు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున కేంద్రం దగ్గర గొడవ జరుగుతోంది. గంగారం దాటాక కొత్తగూడ వైపు అడవిలో ఒక తండా ఉంది. అక్కడి ఆడవాళ్లంతా కలిసి పాల సంఘం పెట్టుకున్నారు. సంఘానికి పెద్ద అయిన నడివయసు ఆమె, వెనక్కి పంపిన క్యాను పక్కన నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"నీళ్లు కలపలే. పొడి కలపలే. ఎందుకు వాపస్ వంపుతున్నవో జెప్పు సారూ," అంటోంది.

మేనేజరు గాజు నాళిక ఎత్తి చూపించాడు. పాలలో నీలం మందు చుక్క వేస్తే రంగు కాసేపు నిలవాలి. సూక్ష్మజీవులు ఎక్కువుంటే రంగు త్వరగా పోయి పాలు తెల్లబడతాయి. తండా పాలు చాయ్ తాగేలోపే తెల్లబడ్డాయి.

"కలిపినరని నేనన్ననా అక్కా? రోడ్డు మీది ఊళ్ల పాలు మంచిగనే ఉంటున్నయ్. మీయే గిట్లైతున్నయ్. అడివి గడ్డి తినే బర్లు, గుడిసెల్ల బతుకుడు. మీ పాలల్ల పురుగు దానంతట అదే పుడ్తది. పుట్టుకతోనే గట్ల. ఎవలేం జేస్తరు?"

ఆమె నడుం మీది చేతులు దించింది. తరువాత మెల్లగా అడిగింది. "పుట్టుకతోనే అంటివి. పాల సంగతా సారూ, మా సంగతా?"

మేనేజరు తల తిప్పుకున్నాడు. కావాలని అన్న మాట కాదది. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగిన మాట, నోటికి అలవాటుగా వచ్చేసింది. ఈ నెల చూసి వచ్చే నెల నుంచి తండాకు వ్యాను పంపనని చెప్పాడు. వ్యాను రాకపోతే సంఘం లేదు. సంఘం లేకపోతే బర్రెలు అమ్ముకుని, మళ్లీ పిల్లల్ని తీసుకుని మిరపతోటల కూలికి వలస పోవాలి. అది అక్కడున్న అందరికీ తెలుసు.

నాకు పౌరుషం వచ్చింది. ఆమె మీద జాలి అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజానికి నా విద్య మీద ఎవడో కాలు పెట్టినట్టనిపించింది.

"పుట్టుకతోని ఏ పాలల్ల పురుగు వుట్టది. గీ పంచాది ఫ్రాన్సుల ఎన్నడో ఒడిసింది," అన్నాను.

"ఒడిస్తె మంచిదే పెద్దసారూ. మన మానుకోటల ఒడవలే గదా. చేసి సూపెట్టుర్రి," అన్నాడు మేనేజరు నవ్వుతూ.

"సూపెడ్త. గీ తండా పాలే నా బుడ్డిల పోసి కాస్త. మూత వెట్ట. పాలు పాడైనయా, మీసం తీసేస్త."

నా మీసం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆ మీసాన్ని చూసి జనగామ బస్టాండులో బస్సులు ఆగేవి. సరే, బస్సులు ఎలాగూ ఆగుతాయి, బస్టాండు కాబట్టి.

నేను చేయబోయింది ఆ ఫ్రాన్సు ఆయన నూట యాభై ఏళ్ల కిందటే చేసిన పని. అప్పట్లో చదువుకున్న పెద్దలే రెండు జట్లయి తగువులాడుకున్నారు. కుళ్లే రసంలో పురుగు దానంతట అదే పుడుతుందని ఒక జట్టు, బయటి నుంచి దుమ్ముతో వచ్చి పడుతుందని రెండో జట్టు. సీసాకు బిరడా కొట్టి రసం కాస్తే అది చెడలేదు. "గాలి తగలనియ్యకుండా చేశారు, గాలిలో ప్రాణం పోసే గుణం ఉంది" అన్నారు మొదటి జట్టు వాళ్లు. అందుకని ఆయన గాజుకుప్పె మెడను కరిగించి, సన్నగా సాగదీసి, హంస మెడలా కిందికి వంచి మళ్లీ పైకి లేపాడు. చివర తెరిచే ఉంచాడు. గాలి లోపలికి పోతుంది. గాలిలోని దుమ్ము మాత్రం ఆ వంపులో, ఆవిరి చల్లబడి చేరిన తడిలో చిక్కుకుని ఆగిపోతుంది. అలా కాచిన రసం నెలలు గడిచినా తేటగానే ఉంది. మెడ విరిచేస్తే, లేదా కుప్పెను వంచి రసాన్ని ఆ వంపులోని దుమ్ముకు తాకించి వెనక్కి పోస్తే, కొన్నాళ్లకే చెడింది. గాలి రెంటికీ ఒకటే. తేడా దుమ్మే.

ఆ కుప్పెను నేనే నిప్పులో కాల్చి, ఊపిరితో ఊది, మెడ వంచానని ఊరంతా చెప్పాను. అదీ అబద్ధమే. నేను వంచబోయిన గొట్టాలన్నీ పగిలాయి, బొటనవేలు కాలింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో నీళ్లు పరీక్షించే ఉద్యోగం చేసే మేనల్లుడు నాకున్నాడు. భూపాలపల్లిలో వాడి ఇంటికి బస్సెక్కి వెళ్లాను. వాడు స్పిరిట్ దీపం మీద సన్న గాజు గొట్టాలను తిప్పుతూ మెత్తబరిచి, పాము పడగ దించి ఎత్తినట్టు వంచాడు. మందపాటి కుప్పెలు తెచ్చి, రబ్బరు బిరడాలకు రంధ్రం చేసి, వాటిలో గొట్టాలు దూర్చి ఇచ్చాడు. "మామా, హంస లెక్క లేదు, కొంగ లెక్క ఉన్నది," అన్నాడు. పని చేస్తే కొంగయినా చాలన్నాను.

తండా క్యాను నుంచి పాలు తీసుకుని, మా ఇంట్లో కుప్పెలో పోసి, నీళ్ల గిన్నెలో నిలబెట్టి బాగా మరిగించాను. పక్కన మామూలు గ్లాసులో అవే పాలు కాచి మూత లేకుండా పెట్టాను. రెంటినీ తీసుకుపోయి కేంద్రం అలమరలో పెట్టాను. వచ్చినవాళ్లందరికీ వంపు చూపించి ఉపన్యాసం ఇచ్చాను. మరిగితే ఏ జీవమూ మిగలదని, ఇది శిలాశాసనమని చెప్పాను.

గ్లాసులో పాలు మర్నాటికే చెడ్డాయి. కుప్పెలోవి బాగానే ఉన్నాయి. నా నడకలో కొంచెం ఊపు వచ్చింది. ఆపై రోజు పొద్దున వెళ్లేసరికి కేంద్రంలో అందరూ అలమర దగ్గరే నిలబడి ఉన్నారు. కుప్పెలో పాలు విరిగి, పైన నీరు తేలింది.

"పెద్దసారూ, దుమ్ము వంపులనే ఆగింది. మల్ల లోపల పురుగెట్ల వుట్టింది?" అని అడిగాడు మేనేజరు. ఎగతాళిగా అడగలేదు, మెల్లగా అడిగాడు. నాకు అదే ఎక్కువ మంటగా ఉంది.

తండా ఆమె కూడా వచ్చి ఉంది. నా వైపు చూసి, "నీ బుడ్డి గూడ మమ్ముల్నే అన్నది గద బాపూ," అంది.

ఇంటికి వచ్చి మీసం తీసేశాను. మా ఆవిడ చూసి, "ఇన్నేండ్లకు నీ నోరు గనవడ్తున్నది. గందుకేనేమో మీసం దాసింది," అంది. అన్నం పెట్టింది కానీ జాలి చూపలేదు.

ఆ మధ్యాహ్నం విరిగిన పాలను పారేద్దామని బిరడా తీశాను. వాసన తగిలింది. నా ఉద్యోగమంతా చెడిన పాల మధ్యే గడిచింది, ఆ వాసనలు నాకు చుట్టాల్లాంటివి. పాలు మామూలుగా చెడితే పెరుగు పులుపు వస్తుంది. ఇందులో పులుపు లేదు. నాలుక కొసకు తాకిస్తే చేదు. పులుపు చేసే క్రిములు మరిగితే చస్తాయి, చచ్చాయి కూడా. చేదు చేసినవి వేరే రకం, మరుగునీళ్లను కూడా తట్టుకునేవి. అవి గింజలా గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటాయి, వేడి పోయాక మొలకెత్తుతాయి. వాటి పుట్టిల్లు మట్టి, ఎండుగడ్డి. అప్పుడు గుర్తొచ్చింది. ఫ్రాన్సు ఆయన ఈస్టు కలిపిన తీపి రసం కాస్తే చెడలేదు. ఎదుటి జట్టువాళ్లు ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లు కాస్తే చెడ్డాయి. రెండు జట్లూ అబద్ధమాడలేదు. గడ్డి నీళ్లకు మరుగు చాలదని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇది నేను చదువుకున్నదే. ఉపన్యాసం ఇచ్చేటప్పుడు మరిచిపోయాను, అంతే.

మరి పాలలోకి గడ్డి ఎక్కడి నుంచి వచ్చింది?

మర్నాడు తెల్లవారకముందే గంగారం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో తండా దారి పట్టాను. అడవిలో పులులు ఎదురొచ్చాయని మా మనవరాలికి చెప్పాను. ఎదురొచ్చింది మేకలు. తారు రోడ్డు దగ్గర వ్యాను ఆగే చోటు ఉంది. అక్కడి నుంచి తండాకు రాళ్ల బాట, మధ్యలో వాగు. వ్యాను వాగు దాటదు. తండా వాళ్లు మోటారు బండికి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని రోడ్డు దాకా తెస్తారు.

పాకల దగ్గర నిలబడి చూశాను. పాలు పితకడం శుభ్రంగానే ఉంది. చేతులు కడుక్కున్నారు, పొదుగు కడిగారు. వాళ్లలో వాళ్లు లంబాడీలో ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. నా బోడి మూతి గురించేనని అడగకుండానే తెలిసింది. క్యాన్లు ముప్పావు వంతు నిండాయి. అప్పుడు సంఘం పెద్దామె పక్కనున్న వాము నుంచి గుప్పెడు వరిగడ్డి లాగి, చుట్ట చుట్టి, క్యాను మూతి లోపలికి పాలను తాకేలా కుక్కి, పైన మూత బిగించింది.

"అక్కా, గా గడ్డి ఎందుకు?"

"తొణకకుంట. బాట సూస్తివి గద. గడ్డి లేకుంటె సగం పాలు వాగుకే పోతయ్."

"వ్యాను కాడ?"

"తీసి పారేస్తం. గడ్డితోని పాలు ఇస్తమా, సిగ్గుండదా?"

అందుకే కేంద్రంలో ఎవరూ ఆ గడ్డిని చూడలేదు. రోడ్డు మీది ఊళ్లకు ఈ గడ్డితో పనే లేదు, వాళ్ల పాలు తారు రోడ్డు మీద తొణకకుండా పోతాయి. నేను అక్కడే బండ మీద కూర్చుని నవ్వాను. ఆమెకు కోపం వచ్చింది.

"నవ్వుడెందుకు బాపూ?"

గడ్డిలో క్రిములుంటాయని, పాలతో పాటు ఎండలో ఊగుతూ పోతే అవి పెరుగుతాయని చెప్పాను. ఆమె చేతిలోని గడ్డిని, నన్ను మార్చి మార్చి చూసింది.

"అయితె తప్పు మాదే అంటవ్."

"గడ్డిది అంటున్న."

"మేం వెట్టిన గడ్డేనాయె. తప్పు మాదైతె మాదే అంట, దాసుకోను. తప్పైతె మానుకుంటం. పుట్టుకంటె ఎట్ల మానుకుంటం? గా మాట మాత్రం పడ."

ఇంత సూటిగా నేను ఏ ఉపన్యాసంలోనూ చెప్పలేదు. తరువాత చాలా చోట్ల ఆ మాటను నాదిగా చెప్పుకున్నాను. నాది కాదు, ఆమెది.

తండా ఆడవాళ్లు క్యాను మూతలకు రబ్బరు రింగులు తెప్పించారు. చిన్న క్యాన్లు తీసుకుని మూతి దాకా నింపారు. నిండిన క్యానులో పాలు ఊగడానికి చోటుండదు. సలసల కాగిన నీళ్లతో క్యాన్లు కడిగి, బోర్లించి, ఎండలో ఆరబెట్టడం మొదలుపెట్టారు. అప్పుడే వాళ్లకు సారా ముచ్చట కూడా చెప్పాను. ఫ్రాన్సులో ద్రాక్ష సారా ఓడల్లో పోతూ పుల్లబడేది. మన కల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసినట్టే. ఆ హంస మెడ ఆయనే, సారాను మరిగించకుండా, యాభై అరవై డిగ్రీల మధ్య కాసేపు వెచ్చబెడితే పుల్లబరిచే క్రిములు చస్తాయని, రుచి పోదని చూపించాడు. సారా చేసేవాళ్లు తిట్టుకున్నారు, తరువాత రుచి చూసి ఒప్పుకున్నారు. ఆ పద్ధతే తరువాతివాళ్లు పాలకు తెచ్చారు. పాలను కాస్త ఎక్కువ వేడి చేసి, వెంటనే చల్లబరుస్తారు. జబ్బు చేసే క్రిములు చస్తాయి. అన్నీ చావవు, అందుకే పాకెట్ పాలను ఫ్రిజ్‌లో పెట్టాలి.

"పాల ముచ్చట గూడ సారా కాన్నుంచే వచ్చిందన్నట్టు," అంది ఒక ముసలామె. "మా ముసలోనికి జెప్పకు, గదో సాకు దొరుకుతది."

ఇక 'పుట్టుకతోనే' అన్న మాటను వాపసు తీయించే పని మిగిలింది. మేనేజరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. బోడి మూతితో వెళ్లడం ఎంత కష్టమో మీసం ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఈసారి మరిగిస్తే చాలదని, ప్రెషర్ కుక్కర్‌లో పెడతానని చెప్పాను. కుక్కర్‌లో ఆవిరి బిగిసి వేడి నూట ఇరవై దాకా పోతుంది, ఆ పెంకు క్రిములు కూడా చస్తాయి. గడ్డి తగిలిన పాలే పోస్తానన్నాను. కావాలని అలా చేశాను. ఎంత చెడ్డ పాలయినా దానంతట అది పురుగును కనదని చూపించాలి కదా.

మా ఆవిడ పెద్ద కుక్కర్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. నేను గద్దించి తీసుకున్నాను. అంటే, ఆమె గుడికి వెళ్లినప్పుడు తీసుకున్నాను. కుప్పెలు మూడు. చాలాసేపు ఉంచి, మంట ఆపి, ఆవిరి దానంతట అదే దిగేదాకా ముట్టుకోలేదు. తొందరపడి మూత తీస్తే పాలన్నీ గొట్టంలోంచి తన్నుకొస్తాయి. బయటికి తీసేసరికి పాలు లేత కోవా రంగుకు తిరిగాయి.

కేంద్రంలో మేనేజరు, వ్యాను నడిపేవాళ్లు, తండా ఆడవాళ్లు కొందరు చుట్టూ నిలబడ్డారు. మేనేజరు కుప్పెను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"పెద్దసారూ, గిట్ల మాడ్చినంక గవి పాలేనా? పాలల్ల జీవమే సంపితిరి. ఇగ పురుగు ఎట్ల వుడ్తది?"

మంచి ప్రశ్న. ఫ్రాన్సు ఆయన్ని కూడా ఇదే అడిగారు. కాచి కాచి రసంలోని పుట్టించే శక్తిని చంపావన్నారు.

"గందుకే మూడు దెచ్చిన. ఒకటి ముట్టకు. ఒకదాని మెడ ఇరిచెయ్. మూడోదాన్ని వంచి, పాలు వంపు దాక పోనిచ్చి, మల్ల ఎనకకు రానియ్. నీ చేతుల్తోనే చెయ్. నేను ముడితే మల్ల నా మోసమంటవ్."

వంపులో సరిపడా దుమ్ము చేరనిద్దామని కుప్పెలను కొన్నాళ్లు అలాగే ఉంచాం. మూడూ మారలేదు. తరువాత మేనేజరు ఒక మెడ విరిచాడు, ఇంకోదాన్ని వంచాడు, మూడోదాన్ని అలమరలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మెడ విరిగిన కుప్పెలో పాలు ముందు చెడ్డాయి. వంచిన దానిలోవి ఆ తరువాత. తాళం వేసిన కుప్పెలో పాలు అదే కోవా రంగులో, పోసినవి పోసినట్టే ఉన్నాయి. మూడింటిలోనూ ఒకే పాలు, ఒకే కుక్కర్, ఒకే గాలి. జీవం చచ్చిన పాలే అయితే విరిగిన మెడ కింద ఎలా చెడ్డాయి? మేనేజరు చాలాసేపు మూడింటినీ చూశాడు. అతను మొండివాడే కానీ కళ్లు మూసుకునేవాడు కాదు.

"మంచిదే. ఇయ్యాల్టి తండా క్యాను దెండి," అన్నాడు.

గడ్డి పెట్టని క్యాను. నాళికలో పాలు పోసి నీలం చుక్క వేశాడు, గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టాడు. పక్కనే రోడ్డు ఊరి పాలు కూడా పెట్టాడు. చాయ్ వచ్చింది, తాగాం. నీలం ఉంది. వ్యాన్లు వచ్చి పోయాయి. నీలం ఉంది. తండా ఆమె కూర్చోలేదు. రోడ్డు ఊరి నాళిక పాలిపోవడం మొదలైనా తండా నాళిక ఇంకా నీలంగానే ఉంది. ఇది మాత్రం నేను పెంచి చెబుతున్నది కాదు, కావాలంటే తండా ఆమెనే అడగండి.

"వ్యాను ఆపను. వచ్చే నెల గూడ వస్తది," అన్నాడు మేనేజరు.

ఆడవాళ్లు కొంగులు సర్దుకుని కదిలారు. ఆమె కదల్లేదు.

"పాలు తీస్కుంటవ్, మంచిదే. గా మాట?"

"ఏ మాట?"

"గంత మందిల అంటివి. పుట్టుకతోనే అని."

కదిలిన ఆడవాళ్లు ఆగి వెనక్కి చూశారు. ఆ తరువాత మేనేజరు వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టాడని, నా చేతులు పట్టుకుని ఏడ్చాడని నేను చాలా మందికి చెప్పాను. అలా జరగలేదు. అతను నాళికను స్టాండులో పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. తల ఎత్తి, అందరికీ వినబడేలా ఒక్క ముక్క అన్నాడు.

"పుట్టుకతోని కాదక్కా. గడ్డితోని."

ఆమె తల ఊపి, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని వ్యాను వైపు నడిచింది.

మెడ విరగని కుప్పె ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. పాలు ఇంకా చెడలేదు. మీసం మళ్లీ వచ్చింది, తెల్లగా. కుక్కర్‌కు మాత్రం ఆ కోవా వాసన పోలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అది నిజమే.